ఆంకాలజీ రివిజన్: నంబరు పక్కన తేదీ రాయండి

అందరికీ నమస్కారం. పరీక్షకి ఇంక ఎన్ని రోజులున్నాయో నాకు తెలుసు, మీ మొహాల్లో టెన్షన్ కూడా కనిపిస్తోంది. అందుకని ఇవాళ అన్ని కేన్సర్లూ తిరగేయం. ఒక్క రోగిని తీసుకుందాం. అతని ఫైలు మొదటి పేజీ నుంచి చివరిదాకా కలిసి చదువుదాం. స్టేజింగ్, ట్యూమర్ మార్కర్లు, కీమో విషప్రభావాలు మూడూ ఆ ఒక్క ఫైల్లోనే దొరుకుతాయి. ఇది పాఠం కోసం నేను తయారుచేసిన కేసు. నంబర్లు మాత్రం నిజంగా వార్డులో కనిపించేలాంటివే.

ఒక్క మాట ముందే చెప్తాను. ఆంకాలజీ పేపర్లు దిద్దేటప్పుడు నేను ఎక్కువగా చూసే తప్పు తెలియకపోవడం వల్ల వచ్చేది కాదు. నంబరు సరిగ్గానే రాస్తారు, అది ఏ రోజుదో చూడరు. ఆపరేషన్‌కి ముందుదా, తర్వాతదా? కీమో ఎనిమిదో రోజుదా, ఇరవై రెండో రోజుదా? ఇవాళంతా నేను పదేపదే అడిగేది ఇదే.

సరే, రోగి. 26 ఏళ్ల యువకుడు. ఎడమ వృషణంలో గట్టి గడ్డ, నొప్పి లేదు, రెండు నెలలుగా పెరుగుతోంది. అల్ట్రాసౌండ్‌లో గడ్డ వృషణం లోపలే ఉంది. ఈ దశలో రక్తం తీసి మూడు మార్కర్లు పంపాలి. ఆల్ఫా ఫీటోప్రోటీన్, అంటే ఏఎఫ్‌పీ, 1,600 వచ్చింది. బీటా హెచ్‌సీజీ 800. ఎల్‌డీహెచ్ కాస్త ఎక్కువ, మామూలు పైస్థాయికి 1.2 రెట్లు. ఛాతీ, పొట్ట సీటీలో ఎడమవైపు పారా అయోర్టిక్ లింఫ్ గ్రంథి ఒకటి 3 సెంటీమీటర్లు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు చాలామంది "బయాప్సీ తీయాలి" అని రాస్తారు. ఇక్కడ తీయకూడదు. వృషణ సంచికి సూది గుచ్చడం గానీ, అక్కడ కోయడం గానీ చేయం. గజ్జ దగ్గర కోసి, స్పెర్మాటిక్ కార్డ్‌ని పైన లోపలి ఇంగ్వైనల్ రింగ్ దగ్గర కట్టి, వృషణాన్ని మొత్తంగా బయటికి తీస్తాం. ఎందుకని? పిండ దశలో వృషణం పుట్టింది మూత్రపిండాల దగ్గర. అది కిందికి దిగేటప్పుడు తన రక్తనాళాల్నీ లింఫ్ దారినీ వెంట తెచ్చుకుంది. కాబట్టి వృషణం లింఫ్ వెళ్లేది పొట్ట వెనక భాగానికి, పారా అయోర్టిక్ గ్రంథులకి. సంచి చర్మం లింఫ్ వెళ్లేది గజ్జల్లోకి. సంచిని కోస్తే కణితికి కొత్త దారి మనమే వేసినట్టు. ఈ రోగికి గజ్జల్లో గడ్డలు లేవు, పొట్టలో ఉంది అంటే వింత కాదు. దాని దారే అది.

స్టేజింగ్‌లో నేను మొదట నేర్పేది ఇదే. టీఎన్ఎం పట్టిక బట్టీ పట్టేముందు ఆ అవయవం లింఫ్ ఎటు పోతుందో గీసుకోండి. ఎన్ అంటే ఆ అవయవానికి సంబంధించిన ప్రాంతీయ గ్రంథులు. ఆ ప్రాంతం దాటి దూరంగా ఉన్న గ్రంథి ఎన్‌లోకి రాదు, ఎంలోకి వెళ్తుంది. ఇదే రోగికి మెడ కింద ఎడమ సుప్రాక్లావిక్యులర్ గ్రంథి ఉండి ఉంటే, అది గ్రంథే అయినా ఎం1ఏ అవుతుంది.

ఆపరేషన్ అయింది. పాథాలజీ రిపోర్ట్: మిక్స్‌డ్ జెర్మ్ సెల్ ట్యూమర్. ఎంబ్రియోనల్ కార్సినోమా, యోక్ శాక్ ట్యూమర్ రెండూ ఉన్నాయి. కణితి వృషణం దాటలేదు గానీ రక్తనాళాల్లోకి, లింఫ్ నాళాల్లోకి చొరబడింది. ఆ చొరబాటు వల్లే ఇది పీటీ1 కాకుండా పీటీ2. ముందున్న చిన్న పీ అక్షరం అంటే పాథాలజిస్ట్ కోసి చూసి చెప్పిన మాట. గ్రంథిని మాత్రం ఎవరూ కోయలేదు, సీటీలోనే చూశాం. కాబట్టి అది సీఎన్, క్లినికల్. 2 సెంటీమీటర్లు దాటింది, 5 దాటలేదు కాబట్టి సీఎన్2. దూరపు వ్యాప్తి లేదు, ఎం0.

ఇంకో అక్షరం మిగిలింది. వృషణ కేన్సర్ స్టేజింగ్‌లో టీ, ఎన్, ఎంలతో పాటు ఎస్ అని నాలుగోది ఉంటుంది. ఎస్ అంటే సీరం మార్కర్లు. రక్తంలో నంబరు నేరుగా స్టేజ్‌లోకి వచ్చే కేన్సర్లు చాలా తక్కువ. ప్రోస్టేట్‌లో పీఎస్ఏ అలా స్టేజ్ గ్రూపులోకి వస్తుంది. మిగతా చోట్ల మార్కర్ ఎక్కువగా చికిత్స పనిచేస్తోందా, జబ్బు తిరగబెట్టిందా అని చూడ్డానికే. పెద్దపేగు కేన్సర్‌లో సీఈఏ అందుకే.

ఏఎఫ్‌పీ 1,000 లోపు, హెచ్‌సీజీ 5,000 లోపు, ఎల్‌డీహెచ్ 1.5 రెట్ల లోపు, ఈ మూడూ కలిసి ఉంటే ఎస్1. ఏఎఫ్‌పీ 1,000 నుంచి 10,000 మధ్య ఉంటే అదొక్కటే చాలు, ఎస్2. 10,000 దాటితే ఎస్3. మూడింటిలో ఏది ఘోరంగా ఉంటే దాని లెక్కే.

మన రోగి ఏఎఫ్‌పీ 1,600. చెప్పండి, ఎస్ ఎంత?

(ముందు వరసలోంచి ఒక విద్యార్థిని: "ఎస్2 సార్.")

అలాగే అనిపిస్తుంది తల్లీ. పరీక్షలో సగం మంది అదే రాస్తారు. అలా రాస్తే గ్రంథి ఉంది, ఎస్2 ఉంది కాబట్టి స్టేజ్ 3బీ అవుతుంది. కానీ ఆ 1,600 ఏ రోజుది? ఆపరేషన్‌కి ముందుది. ఎస్ లెక్కకి తీసుకోవలసింది వృషణం తీసేశాక వచ్చిన విలువ. తీసేసిన గడ్డ తయారుచేసిన ప్రోటీన్‌తో మనకేం పని? ఒంట్లో మిగిలిన జబ్బు ఎంత తయారుచేస్తోందో అది కావాలి.

ఆపరేషన్ తర్వాత ఇరవై ఒకటో రోజున రక్తం మళ్లీ పంపారు. హెచ్‌సీజీ మామూలు. ఎల్‌డీహెచ్ మామూలు. ఏఎఫ్‌పీ 640.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. "1,600 నుంచి 640కి దిగింది, బాగుంది" అనుకునే వాళ్లు ఒకరు. కాగితం తీసుకుని అర్ధాయువు లెక్క కట్టే వాళ్లు ఇంకొకరు. మీరు రెండోవాళ్లు కావాలి. ఏఎఫ్‌పీ అర్ధాయువు 5 నుంచి 7 రోజులు. మన రోగికి ఉదారంగా 7 రోజులే ఇద్దాం. ఒంట్లో కణితి ఏమీ మిగలకపోతే మొదటి వారానికి 800, రెండో వారానికి 400, మూడో వారానికి 200 ఉండాలి. ఉన్నది 640. అంటే ఇరవై ఒక్క రోజుల్లో రెండున్నర వంతులే తగ్గింది. లెక్క కడితే అర్ధాయువు సుమారు 16 రోజులు వస్తుంది. ప్రోటీన్ ఒంట్లోంచి నిదానంగా పోవడం లేదు, ఒకవైపు పోతుంటే ఇంకోవైపు కొత్తది తయారవుతోంది. ఎక్కడ? ఆ 3 సెంటీమీటర్ల గ్రంథిలో అనుకోవడమే సబబు.

హెచ్‌సీజీ సంగతి వేరు. దాని అర్ధాయువు 24 నుంచి 36 గంటలు. ఒకటిన్నర రోజుకి సగం చొప్పున వేసుకుంటే 800 అనేది పదిహేను రోజుల్లో ఒకటి కన్నా తక్కువకి వచ్చేయాలి. వచ్చింది. అంటే హెచ్‌సీజీ తయారుచేసే కణాలు మిగిలినట్టు కనిపించడం లేదు, ఏఎఫ్‌పీ తయారుచేసేవి మిగిలాయి. ఒకే కణితిలో రెండు రకాల కణాలున్నాయని పాథాలజీ చెప్పిన మాటతో ఇది సరిపోతుంది.

ఇప్పుడు స్టేజ్ రాయండి. పీటీ2, సీఎన్2, ఎం0, ఏఎఫ్‌పీ 640 కాబట్టి ఎస్1. స్టేజ్ 2బీ. రక్తం తీసిన తేదీ చూడకపోతే 3బీ అయ్యేది. దాన్ని బట్టే కీమో సైకిళ్లు మూడా నాలుగా అన్నది కూడా తప్పేది. ఎలాగో ఇప్పుడే చెప్తాను. ఒకసారి ఇచ్చిన స్టేజ్‌ని తర్వాత జబ్బు పెరిగినా, తగ్గినా మార్చం. జబ్బు తిరగబెడితే "స్టేజ్ 2బీ, తిరగబెట్టింది" అంటాం గానీ "ఇప్పుడు స్టేజ్ 3" అనం. వృషణ కేన్సర్‌కి స్టేజ్ 4 అనేదే లేదు. మెదడుకి పాకినా 3సీనే. ఆప్షన్లలో 4 కనిపిస్తే చూసి ముందుకెళ్లండి.

మార్కర్ల మీద ఇంకో ప్రశ్న తరచుగా వస్తుంది, దాన్ని ఇక్కడే ముగిద్దాం. పాథాలజీ రిపోర్ట్ "ప్యూర్ సెమినోమా" అంటుంది, ఏఎఫ్‌పీ 90 ఉంటుంది. ఎవర్ని నమ్మాలి? ప్యూర్ సెమినోమా ఏఎఫ్‌పీ తయారుచేయదు. లివర్ జబ్బులాంటి వేరే కారణం లేదని తేలితే, ఆ రోగిని నాన్ సెమినోమాగానే చూసి చికిత్స చేయాలి. పాథాలజిస్ట్ చూసిన ముక్కల్లో పడని యోక్ శాక్ కణాలు ఎక్కడో ఉన్నాయన్నమాట. హెచ్‌సీజీ అలా కాదు, సెమినోమాలో కూడా కొందరికి కొద్దిగా పెరుగుతుంది. వృషణం తీశాక హెచ్‌సీజీ కొద్దిగా పైకి కనిపిస్తే ఇంకో అనుమానం కూడా పడాలి. టెస్టోస్టిరాన్ తగ్గినప్పుడు పిట్యూటరీ ఎల్‌హెచ్ ఎక్కువగా వదులుతుంది, కొన్ని పరీక్షల్లో అదే హెచ్‌సీజీలా చదువుతుంది. టెస్టోస్టిరాన్ ఇచ్చి మళ్లీ చూస్తే ఆ నంబరు దిగిపోతుంది. కీమో మొదలుపెట్టే ముందు ఈ పని చేయకపోతే లేని జబ్బుకి మందు ఇచ్చినట్టు అవుతుంది.

ఇక చికిత్స. అంతర్జాతీయ వర్గీకరణ 1997లో వచ్చింది, మంచి, మధ్యస్థ, చెడు రిస్క్ అని మూడు గుంపులు. వృషణంలో పుట్టి, ఊపిరితిత్తులు తప్ప వేరే అవయవాలకి పాకకుండా, మార్కర్లు ఎస్1లో ఉంటే మంచి రిస్క్. ఇక్కడ చూసే మార్కర్ విలువ కీమో మొదలుపెట్టే ముందుది. మన రోగికి బీఈపీ మూడు సైకిళ్లు. ఎస్2 అని తప్పుగా రాసిన వాళ్ల లెక్కలో మధ్యస్థ రిస్క్ అయి నాలుగు సైకిళ్లు పడేవి. ఒక సైకిల్ విషం అనవసరంగా ఎక్కేది.

బీఈపీ అంటే బ్లియోమైసిన్, ఎటొపొసైడ్, సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్ చదరపు మీటరుకి 20 మిల్లీగ్రాములు, ఎటొపొసైడ్ 100, రెండూ ఐదు రోజులు వరసగా. బ్లియోమైసిన్ వారానికొకసారి 30 యూనిట్లు. ఇరవై ఒక్క రోజులకి ఒక సైకిల్. మొదలుపెట్టే ముందు వీర్యం భద్రపరచుకునే మాట రోగితో మాట్లాడి తీరాలి. 26 ఏళ్ల మనిషి. కీమో ఎక్కించాక అడిగితే ఆలస్యమైపోయినట్టే.

విషప్రభావాల్ని మందుల వారీగా బట్టీ పడతారు మీరు. నేనైతే కేలండర్ మీద రాసుకోమంటాను.

మొదటి రోజు వాంతులు. సిస్‌ప్లాటిన్ వాంతులు తెప్పించే మందుల్లో ముందు వరస. మొదటి 24 గంటల్లోవి ఎక్కువగా పేగుల్లో విడుదలయ్యే సెరటోనిన్ వల్ల, అందుకు ఆన్‌డాన్‌సెట్రాన్ పనిచేస్తుంది. తర్వాత రోజుల్లో వచ్చేవాటిలో సబ్‌స్టెన్స్ పీ పాత్ర ఎక్కువ, అందుకే అప్రెపిటంట్. డెక్సామెథసోన్ రెండింటికీ తోడు.

ఆ వారంలోనే మూత్రపిండాలు. సిస్‌ప్లాటిన్‌ని సెలైన్‌లోనే ఎందుకు కలుపుతారో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ అణువులో ప్లాటినానికి రెండు క్లోరైడ్లు అతుక్కుని ఉంటాయి. చుట్టూ క్లోరైడ్ ఎక్కువ ఉన్నంతసేపు అది నిదానంగా ఉంటుంది. కణం లోపల క్లోరైడ్ తక్కువ, అక్కడికెళ్లగానే క్లోరైడ్లు ఊడిపోయి నీరు వచ్చి చేరుతుంది, అప్పుడు డీఎన్‌ఏకి అంటుకుంటుంది. కణితి కణంలో జరిగేది ఇదే, మూత్రపిండం ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో జరిగేదీ ఇదే. ట్యూబ్యూల్ దెబ్బతింటే మెగ్నీషియం మూత్రంలో కారిపోతుంది. మెగ్నీషియం లేకపోతే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. కీమో తీసుకున్న రోగికి ఎంత పోసినా పొటాషియం పెరగడం లేదని ప్రశ్న వస్తే, మెగ్నీషియం చూడమన్నదే జవాబు.

ఎనిమిదో రోజు మన రోగి ఏఎఫ్‌పీ 900కి పెరిగింది. ఇంట్లో వాళ్లు కంగారు పడ్డారు. కీమో మొదటి వారంలో కణాలు ఒక్కసారిగా చస్తే లోపలున్నది రక్తంలోకి పొంగుతుంది, అదే ఈ పెరుగుదల. మందు పనిచేయలేదని దీన్ని బట్టి చెప్పకూడదు. మళ్లీ చూడాల్సింది రెండో సైకిల్ ముందు. అప్పుడు 210 ఉంది.

పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. ఈ మూడు మందుల్లో ఆ పని ముఖ్యంగా ఎటొపొసైడ్‌ది. బ్లియోమైసిన్ ఎముక మజ్జని దాదాపుగా ముట్టదు, అందుకే ఈ కలయికలో దానికి చోటు దొరికింది. పన్నెండో రోజు రాత్రి మన రోగికి జ్వరం 38.5 డిగ్రీలు, న్యూట్రోఫిల్స్ 300. చూడ్డానికి నిలకడగానే ఉన్నాడు, చీము లేదు, ఎక్స్‌రే బాగుంది. చీము తయారవ్వాలంటే న్యూట్రోఫిల్స్ ఉండాలి కదా! ఇన్ఫెక్షన్ గుర్తులు కనిపించకపోవడం ఇక్కడ ధైర్యం కాదు. కల్చర్‌కి రక్తం తీసి, గంటలోపు సూడోమోనాస్‌ని కూడా అదుపు చేసే యాంటీబయాటిక్ నరంలోకి పడాలి. కల్చర్ ఫలితం కోసం ఆగకూడదు.

రెండు సైకిళ్లు పూర్తయ్యాయి. మూడోదానికి వచ్చినప్పుడు "పొడి దగ్గు వస్తోంది, మెట్లెక్కితే ఆయాసం" అన్నాడు. స్టెతస్కోప్ పెడితే రెండువైపులా కింది భాగాల్లో సన్నని క్రాకిల్స్. క్రియాటినిన్ 0.9 నుంచి 1.5కి పెరిగింది. వీపు మీద కొరడాతో కొట్టినట్టు నల్లటి చారలు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఈ మూడూ ఒకే కథ. బ్లియోమైసిన్‌ని నిర్వీర్యం చేసే ఎంజైమ్ బ్లియోమైసిన్ హైడ్రోలేజ్. ఒంట్లో చాలాచోట్ల ఉంటుంది, చర్మంలో, ఊపిరితిత్తుల్లో తక్కువ. అందుకే చారలు అక్కడ, మచ్చకట్టడం ఇక్కడ. మందు ఒంట్లోంచి బయటికి పోయేది ఎక్కువగా మూత్రపిండాల ద్వారా. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాన్ని దెబ్బతీసింది, బ్లియోమైసిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచింది, ఊపిరితిత్తి దానికి చెల్లించింది.

(ఒక విద్యార్థి: "సార్, 400 యూనిట్లు దాటితేనే కదా లంగ్ టాక్సిసిటీ? ఇతనికి 180 యూనిట్లేగా?")

మంచి ప్రశ్న. రెండు సైకిళ్లకి 180, నీ లెక్క సరే. 400 దాటితే రిస్క్ బాగా పెరుగుతుంది అన్నంతవరకే ఆ నంబరు. దాని కింద భద్రం అని కాదు. వయసు, మూత్రపిండాల పనితీరు, ముందు ఛాతీకి ఇచ్చిన రేడియేషన్, పొగతాగడం, ఇవన్నీ ఆ గీతని కిందికి లాగుతాయి. డాక్సోరుబిసిన్‌కీ గుండెకీ చెప్పుకునే 450, 550 లాంటి నంబర్లు కూడా ఇలాగే చదవాలి.

ఏం చేయాలి? బ్లియోమైసిన్ ఆపాలి, మళ్లీ ఇవ్వకూడదు. డీఎల్‌సీఓ పరీక్ష, ఛాతీ హై రిజల్యూషన్ సీటీ, ఇన్ఫెక్షన్ కాదని తేల్చుకోవడం, అవసరమైతే స్టెరాయిడ్లు. మిగతా రెండు మందులు కొనసాగించి మొత్తం నాలుగు సైకిళ్లకి తీసుకెళ్లొచ్చు. మంచి రిస్క్ రోగులకి బీఈపీ మూడు, ఈపీ నాలుగు రెండూ ఒప్పుకున్న పద్ధతులే. మూత్రపిండం కోసం సిస్‌ప్లాటిన్ తీసేసి కార్బోప్లాటిన్ పెడదామా అంటే, ఈ జబ్బులో అది సమానం కాదు, నయమయ్యే అవకాశం తగ్గుతుంది. కాబట్టి నీళ్లు బాగా ఎక్కించి, మెగ్నీషియం సరిచేసి, క్రియాటినిన్ దిగాక సిస్‌ప్లాటిన్‌నే కొనసాగించారు.

కేలండర్‌లో తర్వాతి పేజీలు నెలలూ ఏళ్లూ. చేతులు, కాళ్ల తిమ్మిరి సిస్‌ప్లాటిన్ ఆపేశాక కూడా కొన్ని నెలలు పెరుగుతూ పోవచ్చు, ఇది చాలామంది తప్పు రాసే చోటు. వినికిడిలో ముందు పోయేది హెచ్చు ఫ్రీక్వెన్సీ శబ్దాలు. ఎటొపొసైడ్ వల్ల రెండు మూడేళ్లకి ల్యుకేమియా రావచ్చు, అందులో 11క్యూ23 మార్పు కనిపిస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి ఆల్కైలేటింగ్ మందుల తర్వాత వచ్చేది ఇంకా ఆలస్యంగా, ఐదు నుంచి పదేళ్లకి. పరీక్షలో ఈ రెండింటినీ విడదీసేది ఆ సంవత్సరాలే.

మన రోగి దగ్గరికి వద్దాం. నాలుగు సైకిళ్లు ముగిశాయి. ఏఎఫ్‌పీ 4, పూర్తిగా మామూలు. దగ్గు తగ్గింది. సీటీలో ఆ గ్రంథి 3 నుంచి 1.8 సెంటీమీటర్లకి వచ్చింది. మార్కర్ మామూలైంది కదా, ఇక చాలా?

చాలదు. నాన్ సెమినోమాలో కీమో తర్వాత సెంటీమీటరు దాటిన ముద్ద మిగిలితే తీసేయాలి. అలా తీసిన వాటిలో సుమారు సగానికి దగ్గరగా చచ్చిన కణజాలమే ఉంటుంది, ఇంచుమించు 40 శాతంలో టెరటోమా, పదో వంతులో బతికున్న కేన్సర్. టెరటోమా మార్కర్లు తయారుచేయదు, కీమోకి లొంగదు, వదిలేస్తే పెరుగుతుంది. అందుకే ఏఎఫ్‌పీ 4 అన్న నంబరు ఏఎఫ్‌పీ తయారుచేసే కణాల గురించి మాత్రమే చెప్తుంది. సెమినోమా అయి ఉంటే 3 సెంటీమీటర్ల దాకా చూస్తూ ఉండి, దాటితే పెట్ స్కాన్ చేసేవాళ్లం.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టర్‌కి ఫైలు వెళ్తుంది. ఆ ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయాల్సింది ఒకటుంది: బ్లియోమైసిన్ 180 యూనిట్లు, చివరి డోసు తేదీ, ఊపిరితిత్తి దెబ్బతిన్న సంగతి. ఆపరేషన్ సమయంలో ఎక్కువ శాతం ఆక్సిజన్, ఎక్కువ సెలైన్ ఇస్తే బ్లియోమైసిన్ తీసుకున్న ఊపిరితిత్తి రోజుల్లో చెడిపోయిన సందర్భాలున్నాయి. ఆక్సిజన్ సంతృప్తి నిలిచేంత మేరకే ఇచ్చారు, నీళ్లు తూచి ఎక్కించారు. తీసిన గ్రంథిలో టెరటోమా ఉంది, బతికున్న కేన్సర్ లేదు. ఇక అతనికి కీమో అక్కర్లేదు.

పది నిమిషాలు విరామం తీసుకోండి. వచ్చాక ఇదే పద్ధతిలో అండాశయం కేసు చూద్దాం. సీఏ 125 రిపోర్ట్ పక్కన తేదీ రాసి పెట్టాను.